డోలుకి తిరిగిన పిల్ల

రాజాం దగ్గర ఆ ఊళ్లో చంద్రశేఖరం డోలు భుజానికెత్తుకున్నాడంటే మూడు వీధులు లేచి కూర్చోవాల్సిందే. గుళ్లో మేల్కొలుపు నుంచి పవళింపు సేవ దాకా ఆయన డోలే. కొడుకు శ్రీరామ్ సన్నాయి పట్టుకుని పెళ్లిళ్లకి తిరుగుతాడు. అలాంటి ఇంట్లో చెవుడు అనే మాట ఎవరి నోటైనా వస్తే ఊరుకుంటారా? ఊరుకోలేదు. అదే కొంప ముంచింది.

శ్రీరామ్ భార్య విశాలికి అనుమానం మొదట్లోనే వచ్చింది. కూతురు సంహిత పక్కన సత్తు గిన్నె కింద పడినా కదిలేది కాదు. పిల్లకి రెండేళ్లప్పుడు అంగన్‌వాడీకి వచ్చిన డాక్టరమ్మ కూడా, ఒకసారి చెవి పరీక్ష చేయించమని చెప్పింది. విశాలి ఇంటికొచ్చి మామగారికి ఆ సంగతి చెప్పింది. చంద్రశేఖరం కోప్పడలేదు, నవ్వాడు. పిల్లని అరుగు మీద కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి డోలు మీద ఒక్క దెబ్బ వేశాడు. సంహిత గిర్రున తిరిగి తాతని చూసి చప్పట్లు కొట్టింది.

"సూసేవా? ఇన్రానిదయితే తిరుగుతాదేటి? మన ఇంట్లో మాట ఆలీసంగా వస్తాదమ్మా. నాకూ నాలుగేళ్లకి గానీ రాలేదు" అన్నాడు.

విశాలికి ఆ మాట అమృతంలా తగిలింది. నమ్మాలని ఉన్నప్పుడు నమ్మడం ఎంతసేపు! అప్పట్నుంచి అనుమానం వచ్చినప్పుడల్లా ఆయన డోలు కొట్టేవాడు, పిల్ల తిరిగేది, అందరూ హాయిగా అన్నాలు తినేవారు.

ఐదు నిండి ఒకటో తరగతిలో వేశాక బడిలో హెడ్‌మాస్టారు విశాలిని పిలిపించాడు. పిల్లకి ఒక్క ముక్కా వినపడటం లేదనీ, వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ చేయించమనీ, అది ఉంటే సర్కారు సాయం అందుతుందనీ చెప్పాడు. ఎచ్చెర్ల వైపు ఎవరి బిడ్డకో చెవిలో మిషన్ పెట్టే ఆపరేషన్ ఉచితంగా చేశారనీ, ఇప్పుడు ఆ పిల్లాడు పాటలు పాడుతున్నాడనీ విశాలి వినే ఉంది. ఆ ఆశతోనే పరుగున వెళ్లి ఊరి సచివాలయంలో ఆధార్ చూపించి ఆసుపత్రిలో పరీక్షకి స్లాట్ బుక్ చేయించింది.

"సర్టిఫికెట్ అంటే పిల్ల మొకాన ముద్దరేసినట్టే. నేనూ వస్తాను. ఆల్లకి నేను సెప్తాను" అన్నాడు చంద్రశేఖరం. శ్రీరామ్ గరివిడిలో పెళ్లికి వెళ్లాడు, మామా కోడలూ పిల్లని తీసుకుని బస్సెక్కారు.

ఆసుపత్రిలో చెవుల డాక్టరు చెవులు చూసి, వినికిడి పరీక్ష గదికి పంపించాడు. అక్కడ పరీక్షలు చేసే ఆవిడ కుసుమకుమారి. ఆవిడ పిల్ల పేరు అడిగిందో లేదో చంద్రశేఖరం మొదలెట్టాడు.

"అమ్మా, మా పిల్లకి ఇనపడతాది. సూడండి" అని పిల్ల వెనక్కి వెళ్లి చెక్కబల్ల మీద దభీమని చరిచాడు. బల్లకి ఆనుకుని నుంచున్న సంహిత తిరిగి చూసింది. ఆయన మొహం వెలిగిపోయింది.

కుసుమకుమారి పిల్లని ఎత్తి విశాలి ఒళ్లో కూర్చోబెట్టింది, కాళ్లు నేలకి ఆనకుండా, వీపు దేనికీ తగలకుండా. "ఇప్పుడు చప్పట్లు కొట్టండి పెద్దాయనా. గట్టిగా పిలవండి కూడా."

ఆయన చప్పట్లు కొట్టాడు. పిలిచాడు. గుళ్లో పదిమందికి వినపడే గొంతు ఆయనది. బయట వరండాలో వాళ్లు తొంగి చూశారు గానీ, సంహిత మాత్రం తల్లి గాజులు తిప్పుకుంటూనే ఉంది.

"బల్ల అదిరితే ఒంటికి తెలిసింది. మీ డోలు కూడా అంతే. అరుగు అదురుతుంది, గుండెల్లో అదురుతుంది. అది వినడం కాదండి" అంది కుసుమకుమారి నెమ్మదిగా. చంద్రశేఖరం తన చేతుల కేసి చూసుకుంటూ అలా నిలబడిపోయాడు. విశాలికి ఆయన మీద కోపం రావాలి. రాలేదు. తన మీదే వచ్చింది. గిన్నె పడ్డ చప్పుడు తను విన్నది కదా, కన్నతల్లి అయ్యుండీ ఎందుకు ఊరుకున్నట్టు?

తర్వాత పిల్లకి మందు పట్టి నిద్రపుచ్చి, నుదుటికీ చెవుల వెనకా వైర్లు అంటించి బెరా పరీక్ష చేశారు. చెవిలో చప్పుడు పెడితే మెదడు దాకా చేరుతోందో లేదో ఆ మిషన్ గీతలుగా చూపిస్తుందట. రెండు చెవులకీ ఎంత పెద్ద చప్పుడు పెట్టినా గీత లేవలేదు.

"సర్టిఫికెట్ వస్తుంది. నలభై శాతం ఉంటే చాలు, పాపకి అంతకంటే చాలా ఎక్కువే వస్తుంది" అని కుసుమకుమారి చెప్పుకుపోయింది. కొత్త పింఛన్లు తెరిచినప్పుడు సచివాలయంలో అర్జీ పెట్టుకోవచ్చు. చెవి వెనక పెట్టుకునే మిషన్లు క్యాంపులో ఉచితంగా ఇస్తారు, చప్పుడు ఉందని కొంత తెలియొచ్చు గానీ మాటలు తెలుస్తాయని ఆశ పెట్టుకోవద్దు. ఆర్టీసీ బస్సుల్లో రాయితీ ఉంది. మండలంలో భవిత కేంద్రం ఉంది, అక్కడ సైగలు నేర్పే టీచరు ఉంటుంది.

విశాలికి ఇవేమీ బుర్రకెక్కడం లేదు. "మరి ఆపరేషనండి?" అంది.

కుసుమకుమారి కాగితాల్లో పాప పుట్టిన తేదీ మరోసారి చూసింది. "పుట్టుకతో వినపడని పిల్లలకి కేంద్రం పథకంలో ఐదేళ్లలోపే అమ్మా. పాపకి ఐదు దాటిపోయింది."

"నాలుగని రాసేయండమ్మా" అన్నాడు చంద్రశేఖరం. అంతవరకూ తలెత్తనివాడు రెండు చేతులూ జోడించాడు. "మీ కాళ్లట్టుకుంటాను. పిల్లకి ఏటీ తక్కువ సెయ్యలేదు మేము. నా వల్లే ఆలీసమైంది, దానికెందుకు సిచ్చ?"

"రాయకూడదండి. రాసినా వయసు ఆగదు. మొదటి ఏళ్లలోనే మెదడు మాటని పట్టుకుంటుంది. ఇప్పుడు లక్షలు పోసి బయట చేయించినా, అప్పుడు చేయిస్తే వచ్చినంత రాదు. రెండేళ్లప్పుడు తీసుకొచ్చి ఉంటే..." అని కుసుమకుమారి మాట మింగేసింది. మింగినా విశాలికి వినపడింది.

తిరుగు బస్సులో నిద్రమత్తు తీరని పిల్ల తాత భుజం మీద పడుకుంది. ఆయన కళ్లు తుడుచుకోవాలన్నా చెయ్యి కదపలేదు, పిల్ల లేస్తుందని.

కొన్నాళ్లకి సచివాలయంలో సర్టిఫికెట్ చేతికిచ్చారు. నూటికి నూరు శాతం. ఇన్నేళ్లలో కూతురికి నూటికి నూరు రావాలని విశాలి ఎన్ని కలలు కన్నదో! ఆ అంకె చూసి అక్కడే మెట్ల మీద కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చింది.

ఏడ్చి ఊరుకుంటే కాదని ఆ వారమే సంహితని భవిత కేంద్రానికి తీసుకెళ్లింది. మావయ్య కూడా వెంట వచ్చాడు, పిలవకపోయినా. టీచరు లీలారాణి నేల మీద చతికిలబడి, పిల్ల కళ్లలోకి చూసి నవ్వి, అరచేయి గడ్డం దగ్గర ఆడించి ఏదో సైగ చేసింది. సంహిత వెంటనే ఆ సైగే తిరిగి చేసింది.

"చురుకైన పిల్లండి" అంది లీలారాణి. "ఇంట్లో తనని ఏమని పిలుస్తారు?"

"సంహిత అనేనండి."

"అది మీరు పిలిచే పేరు. తనకి తెలిసిన పేరు అడుగుతున్నాను. తను మిమ్మల్ని పిలిచే సైగ ఏదైనా ఉందా, మీరు తనని పిలిచే సైగ?"

"సమ్మీ అంటామండి. ముద్దొస్తే బంగారీ అని, చిట్టితల్లీ అని..." విశాలి మధ్యలో ఆగిపోయింది. నోట్లో ఇంకా బోలెడు పేర్లున్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. సంహిత ఆమె పెదాల కేసి ఇష్టంగా చూస్తోంది, రోజూ చూసినట్టే.

వెనక నుంచి చంద్రశేఖరం గొంతు సవరించుకున్నాడు.

"బారసాల నాడు సెవిలో మూడుసార్లు సెప్పేనమ్మా" అన్నాడు. "నేనే సెప్పేను."