ఇద్దరు గురవమ్మలు

అల్లూరు డయాలసిస్ కేంద్రంలో రోగుల సమయాలు రెండు చోట్ల ఉండేవి. కేంద్రం కంప్యూటర్‌లో ఏ రోగికి ఏ రోజు, ఏ మిషన్ మీద, ఎన్ని గంటలకు అని ఉండేది. వ్యాన్ డ్రైవర్ ఏసుమణి ఫోన్ క్యాలెండర్‌లో ఎవరి కోసం ఎప్పుడు బయల్దేరాలి అని ఉండేది. మొదటి దాన్ని చూసి రెండోదాన్ని చేత్తో నింపడం కేంద్రం ఆఫీసులో ఉండే షమా పని. రోజుకు రెండు గంటలు పట్టేది. ఒకరి సమయం మారితే మళ్లీ మొదలు.

షమా కంప్యూటర్ డిప్లొమా చదివింది. వాళ్ల నాన్న అల్లూరు బజారులో దర్జీ. ఆగస్టులో, ఎవరూ అడక్కుండానే, ఆ పని దానంతటదే చేసే ప్రోగ్రాం ఒకటి రాసింది. అది పదిహేను నిమిషాలకోసారి లేచి, కేంద్రం జాబితాలో కొత్తగా చేరినవాటిని ఏసుమణి క్యాలెండర్‌లోకి ఎక్కించేది, మారినవాటిని మార్చేది, రద్దయినవాటిని తీసేసేది. దేన్ని ఎక్కించిందీ ఒక పట్టికలో రాసుకునేది, మళ్లీ ఎక్కించకుండా.

మొదట్లో బాగానే నడిచింది. సెప్టెంబరు చివర వానలకు నెట్ ఆగి ఆగి రావడం మొదలైంది. ప్రోగ్రాం ఒక పేరు పంపేది, అది ఏసుమణి క్యాలెండర్‌లోకి చేరేది, చేరిందన్న జవాబు తిరిగి వచ్చేలోపు నెట్ పోయేది. జవాబు రాలేదు కాబట్టి పట్టికలో ఎక్కలేదు. పదిహేను నిమిషాల తర్వాత ప్రోగ్రాం దాన్నే మళ్లీ పంపేది. ఒక్కో పేరు రెండేసి, మూడేసి సార్లు పడింది.

"ఒకే మనిషికి మూడు ట్రిప్పులు చూపిస్తా ఉండాదమ్మా. అసలేదో నకలేదో నాకెట్ట తెలస్తాది?" అన్నాడు ఏసుమణి, ఫోన్ ఆమె ముందు పెట్టి.

కేంద్రం మేనేజరు శివశంకర్ అది విన్నాడు. "సాయంత్రానికల్లా ఇది పోవాల. లేదంటే ఆ ప్రోగ్రాం తీసేసి చేత్తో రాసుకుందాం" అన్నాడు.

సరైన దారి షమాకు తెలుసు. కేంద్రం జాబితాలో ప్రతి అపాయింట్‌మెంటుకూ ఒక నంబరు ఉంటుంది, అది ఇంకొకదానికి రాదు. ఆ నంబరును క్యాలెండర్ ఎంట్రీ లోపలే రాసి ఉంచాలి. కొత్తది ఎక్కించే ముందు ఆ నంబరుతో ఎంట్రీ ఉందేమో వెతకాలి. అప్పుడు జవాబు పోయినా, పట్టిక పోయినా, ఒకటి రెండు కాదు. కానీ అప్పటికే ఎక్కిన ఎంట్రీల్లో నంబర్లు లేవు. వాటన్నింటికీ రాయాలంటే రెండు రోజులు పడుతుందని ఏసుమణితో అంది.

ఆమె దగ్గరిదారి పట్టింది. అదే సమయానికి అదే పేరుతో ఎంట్రీ ఉంటే, కొత్తది ఎక్కించకుండా అది ఎక్కినట్టే పట్టికలో రాసుకోమని చెప్పింది. అదనంగా ఉన్నవాటిని తీసేసింది. ఏసుమణి తన చిన్న ఫోన్‌లో చదువుకోవడానికి వీలుగా ఉండాలన్నందుకు ఎంట్రీల మీద ఉత్త పేరే ఉండేది. ఊరు లోపల, వివరాల్లో ఉండేది. సాయంత్రానికి క్యాలెండర్ శుభ్రంగా కనిపించింది. నెలంతా ఒక్క పేరు కూడా రెండుసార్లు పడలేదు. శివశంకర్ అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు.

నవంబరులో కొత్తపాళెం నుంచి గురవమ్మ అనే ఆమె చేరింది. సముద్రం ఒడ్డున మత్స్యకారుల ఊరు. అరవై ఏళ్లుంటాయి. అంతకుముందు వారానికి రెండుసార్లు బస్సు మీద నెల్లూరుకు పోయి డయాలసిస్ చేయించుకునేది. అల్లూరులో చోటు దొరికిందని, ఇక వ్యాన్ ఇంటి దగ్గరికే వస్తుందని సంబరపడింది. నెల్లూరులో ఆఖరుసారి శుక్రవారం. ఇక్కడ మంగళవారం, శుక్రవారం, పొద్దున ఆరింటికి, ఐదో మిషన్.

రెండో మిషన్ మీద అవే రోజుల్లో, అదే సమయానికి, ఇంకో గురవమ్మ ఉండేది. ఆమెది అల్లూరు పక్కనే, వరి పొలాల మధ్య ఊరు. ఏడాది నుంచీ వస్తోంది.

మంగళవారం ఏసుమణి ఫోన్‌లో ఒక గురవమ్మే ఉంది. ఎప్పటిలాగే పొలాల ఊరికి పోయి ఆమెను ఎక్కించుకొచ్చాడు. ఐదో మిషన్ ఖాళీగా ఉండిపోయింది. నర్సు రెబెక్కమ్మ కాగితం మీద ఉన్న నంబరుకు రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. అది కోడలు దుర్గ నంబరు. దుర్గ రొయ్యల తలలు తీసే కంపెనీలో పనిచేస్తుంది. కంపెనీ బస్సు తెల్లవారుజామున నాలుగింటికే వస్తుంది, లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. మొగుడు వేటకు పోయి వారమైంది. రెబెక్కమ్మ కంప్యూటర్‌లో "రోగి రాలేదు" అని నొక్కింది.

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ దుర్గ కేంద్రానికి ఫోన్ చేసింది. తీసింది షమా.

"మేడం, మా అత్త గురవమ్మకు నిన్న బండి రాలా. పొద్దున్నుంచి రోడ్డు మీదే కూసోని ఉండింది."

షమా ఏసుమణి క్యాలెండర్ తెరిచి చూసింది. మంగళవారం, గురవమ్మ. శుక్రవారం, గురవమ్మ. పక్క గదిలో టీ తాగుతున్న ఏసుమణిని పిలిచింది.

"అన్నా, నిన్న గురవమ్మను తీసుకొచ్చినావా?"

"తెచ్చినాగదమ్మా. దింపింది కూడా నేనే."

దుర్గ ఏ రోజు గురించో పొరబడిందనుకుంది షమా. ఫోన్లో మెత్తగా చెప్పింది. "అక్కా, శుక్రవారానికి పేరు ఉంది. నేను చూస్తానే ఉన్నా. తప్పకుండా వస్తాది. ఆమెను సిద్ధంగా ఉండమను."

"సరే మేడం. మీరు చెప్తే చాలు" అంది దుర్గ. లోపలికి రమ్మని అక్కడెవరో కేకేస్తుంటే పెట్టేసింది.

శుక్రవారం తెల్లవారకముందే వాన పట్టుకుంది. గురవమ్మ గుడ్డసంచిలో దుప్పటి, మందుల కాగితాలు పెట్టుకుని, రొయ్యల చెరువుల గట్టు మీదుగా రోడ్డుకు నడిచింది. అక్కడున్న బడ్డీకొట్టు రేకు కింద ఎనిమిది గంటల దాకా కూర్చుంది. కొట్టు మనిషి ఇంటికి పొమ్మంటే, "పేరుండాదంట, వస్తాడు" అందట. చివరికి అతనే ఆమెను ఇంట్లో దింపొచ్చాడు. దుర్గ సాయంత్రం వచ్చేసరికి ఆమె కాళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. పడుకుంటే ఊపిరి ఆడడం లేదని గోడకానుకుని కూర్చుంది. శనివారం పొద్దున ఆటోలో నెల్లూరుకు తీసుకుపోతుంటే, ఊరు ఇంకా చేరకముందే, దుర్గ భుజం మీద తల వాల్చింది. మళ్లీ ఎత్తలేదు.

సోమవారం ఆ కబురు కేంద్రానికి తెచ్చింది రెబెక్కమ్మ. వాళ్ల బంధువులది ఆ పక్క ఊరే.

"ఏ గురవమ్మ?" అన్నాడు ఏసుమణి. "నిన్ననేగా నాకు ఫోన్ చేసింది."

"కొత్తపాళెం ఆమె. ఐదో మిషన్."

"కొత్తపాళేనికి నేనెప్పుడూ పోలేదే" అన్నాడతను.

షమా వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుంది. ప్రోగ్రాం తన పనిని రాసుకునే చిట్టా తెరిచింది. ఐదో మిషన్ అపాయింట్‌మెంట్ల నంబర్ల పక్కన, వరసగా, తను రాసిపెట్టిన మాటే ఉంది: అప్పటికే ఉంది, వదిలేశాను. మనిషి కొత్తగా చేరిన రోజు నుంచి ప్రతి శుక్రవారానికీ, ప్రతి మంగళవారానికీ. వచ్చే నెలకు కూడా.

శివశంకర్ గదిలోకి పోయి చెప్పింది. అతను చిట్టా మొత్తం చదివాడు.

"రికార్డులో ఏముంది?"

"రోగి రాలేదని ఉంది సార్."

"అంతే ఉండనియ్. ఆమెకు గుండె జబ్బు కూడా ఉండింది. దేనివల్ల పోయిందో మనకు తెలీదు. ఇది బయటికి పోతే మనల్ని నడిపే ట్రస్టోళ్లు కేంద్రమే మూసేస్తారు. అరవై మంది మళ్లీ నెల్లూరుకు పోవాల. ఆలోచించు."

 షమా బయటికొచ్చి, అలాంటివి ఇంకేమున్నాయో వెతికింది. ఒకటి దొరికింది. మంగళవారం పదకొండు గంటలకు ఇద్దరు వెంకయ్యలు. రెండో వెంకయ్యకు ఇక్కడ అదే మొదటిసారి. అంటే రేపే.

ముందు ప్రోగ్రాంను ఆపేసింది. ఏసుమణిని పక్కన కూర్చోబెట్టుకుని, రాబోయే రోజుల ఎంట్రీలను ఒక్కొక్కటే తెరిచింది. ఆమె పేరు, సమయం చదివితే అతను ఊరు చెప్పాడు. ప్రతి ఎంట్రీలో దాని నంబరు రాసింది. పేరు పక్కన ఊరు చేర్చింది. ప్రోగ్రాంలో పేరూ సమయమూ చూసే షరతును కొట్టేసింది. ఇక నంబరు ఒక్కటే: ఉంటే సరిచూడు, లేకపోతే ఎక్కించు, రద్దయితే ఆ నంబరున్నదాన్నే తీసెయ్. క్యాలెండర్ నకలు మీద మూడుసార్లు నడిపింది. మొదటిసారి రెండో వెంకయ్య వచ్చి చేరాడు. రెండోసారి, మూడోసారి ఏమీ మారలేదు. కావాలనే పట్టికను చెరిపి నడిపింది. అప్పుడూ ఏ పేరూ రెండు కాలేదు.

సాయంత్రం నాలుగవుతుండగా అసలుదాని మీద నడిపింది. ఏసుమణి ఫోన్ మోగింది. "వెంకయ్య, తోటపల్లి గూడూరు" అని చదివాడు.

"రెండు రోజుల పనంటివే, అది ఇదేనా అమ్మా?" అడిగాడు.

"ఒక్క పూటే అన్నా" అంది షమా.

మరునాడు వెంకయ్యలిద్దరూ దిగాక, ఆమె ఏసుమణి వ్యాన్‌లోనే కొత్తపాళేనికి పోయింది.  దుర్గ వాకిట్లో కూర్చుని ఉంది. మొగుడు ఇంకా ఒడ్డుకు చేరలేదు. తల్లి పోయిన సంగతి అతనికి తెలియదు.

షమా నిలబడే చెప్పింది. ఇద్దరు గురవమ్మలున్నారని, ఒకే సమయమని, రెండో పేరు నకలేమోనని తన ప్రోగ్రాం వదిలేసిందని. అలా వదిలేయమని చెప్పింది తనేనని. బుధవారం ఫోన్లో మాట్లాడింది కూడా తనేనని.

దుర్గ అంతా విన్నది. "నువ్వు పేరు చూసినా అంటివి."

"చూశానక్కా. అది మీ అత్త పేరు కాదు."

"నువ్వా మాట అనకుంటే శుక్రవారం నేను పని మానేసి ఆటోలో తీసకపోయేదాన్ని." గొంతు పెంచకుండా అంది. "ఊరంతా ఏమంటా ఉండారో తెలుసా? కోడలు వైద్యానికి పంపలేదని. ఆస్పత్రోళ్లే రాసినారంట కదా, మనిషి రాలేదని."

షమా తల వంచుకుంది. "నేనేం చెయ్యాల అక్కా?"

"అది మార్చు. మీ బండే రాలేదని రాయి. నా మొగుడు వచ్చేలోగా నాకు కాగితం కావాల. ఇంక నువ్వు ఇక్కడుండద్దు, పో."

కేంద్రానికి తిరిగొచ్చి ఐదో మిషన్ రికార్డు తెరిచింది షమా. రాకపోవడానికి కారణాలు నాలుగు ఉన్నాయి: రోగి రాలేదు, రోగి నిరాకరించారు, వేరే ఆస్పత్రిలో ఉన్నారు, ఇతరములు. ఇతరములు నొక్కి, రెండు తేదీల కింద రాసింది: "వ్యాన్ పంపలేదు. సమయాల జాబితాలో మా తప్పు. రోగి రెండు రోజులూ రోడ్డు మీద ఎదురుచూశారు." కింద తన పేరు పెట్టింది. అచ్చు తీసి ఒక ప్రతి దుర్గకిమ్మని ఏసుమణికిచ్చింది. ఇంకో ప్రతికి చిట్టా జతచేసి ట్రస్టుకు పంపింది.

శివశంకర్ ఆ సాయంత్రమే ఆమెను రేపటి నుంచి రావద్దన్నాడు. ట్రస్టు నుంచి విచారణకు ఇద్దరు వస్తారని, ఆమె కూడా హాజరు కావాలని గురువారం ఉత్తరం వచ్చింది. వాళ్ల నాన్న కుట్టుమిషన్ తొక్కడం ఆపి దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం దర్జీ దుకాణం ముందు ఏసుమణి వ్యాన్ ఆపాడు.

"కాగితం ఇచ్చినానమ్మా. కొడుకు పొద్దున ఒడ్డుకొచ్చినాడు. నన్నే చదివి వినిపించమన్నాడు, దుర్గ పక్కనే నిలబడుకోనుండాది."

"ఏమన్నాడు?"

"ఇంకోసారి చదవమన్నాడు."

షమా తలుపు పట్టుకుని నిలబడింది. వ్యాన్‌లో ఎవరో దగ్గారు. ఇంకా ఇద్దరిని దింపాలని చెప్పి ఏసుమణి బండి ఎక్కాడు.