పిన్ని చేతి వరస

పిన్నిని బేసిన్ దగ్గర్నుంచి లేపేసిన వాళ్ళు ముగ్గురు. మొదటి మనిషి మేనేజరమ్మ. తెర పక్కన నిలబడి, చేతిలో కాగితం పట్టుకుని, పిన్ని ఏ సీసా ముందు తీసింది, ఏ సీసా తర్వాత తీసింది అని టిక్కులు పెట్టుకుంది. రెండో మనిషి షాంపూ కంపెనీ మాస్టారు. రెండు రోజులు శిక్షణ ఇవ్వడానికి వచ్చి, ముప్పయ్యొక్కేళ్ళు తలలు కడిగిన చేతులకు మార్కులు వేసి వెళ్ళాడు. మూడో మనిషిని నేను. ఆ ఇద్దరూ తెలియక చేశారు. నేను తెలుసుకోకుండా చేశాను. నాదే పెద్ద తప్పు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. మా వీధి చివర ఆడవాళ్ళ సెలూన్లో తలలు కడుగుతుంది. నేను అదే సెలూన్లో కత్తెర పని చేస్తాను. ముందు గదిలో అద్దాలు, కుర్చీలు, నేను. వెనక గదిలో రెండు బేసిన్లు, పిన్ని. మధ్యలో నీలం తెర. పన్నెండేళ్ళుగా ఆ తెర అవతల్నుంచి నా దగ్గరికి తడితల వస్తుంది, నేను కత్తిరిస్తాను. అక్కడ ఏం జరుగుతుందో ఒక్క రోజూ అడగలేదు.

పిన్ని మీద వచ్చిన నేరం ఇది: షాంపూ కన్నా ముందు కండిషనర్ రాస్తోంది. సీసాలు తారుమారు చేస్తోంది. వయసు మీద పడింది, మతి తప్పుతోంది.

నా చిన్నప్పటి సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు.

బడిలో నన్ను ఎలకతోక అనేవాళ్ళు. నా జడ నడుము దాకా ఉండేది, కానీ చివర మూడంగుళాలు పెన్సిలు ములుకులాగే. రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు తిప్పినా పదింటికల్లా జారి కింద పడేది. క్లిప్పులు నా తల మీద నిలిచినట్టు నాకు జ్ఞాపకం లేదు. క్లాసు ఫోటోలో అందరి తలల మీదా జుట్టు ఉంది, నాకు మాత్రం మాడుకు నల్లరంగు పూసినట్టుంది, రెండు చెవులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆ ఫోటో ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ చూసి నూనె సీసా తెచ్చింది. జుట్టు పల్చగా ఉందంటే నూనె, అతుక్కుపోయిందంటే ఇంకాస్త నూనె. వారానికి ఒక్కసారే తల కడగాలి, ఎక్కువ కడిగితే ఊడిపోతుందని ఇంట్లో అందరూ అనేవాళ్ళు. శుక్రవారానికి నా తల దోశపెనంలా నిగనిగలాడేది.

ఒక ఆదివారం పిన్ని మా ఇంటికి వచ్చి నా మెడ వెనక ఒక్క వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించింది. అది ఇప్పటికీ ఆమె చేసే మొదటి పని. ఎవరి తలైనా సరే, ఏ సీసా తీయాలన్నా సరే, ముందు ఒక్క వెంట్రుక.

"వేళ్ళకు తగలడమే లేదక్కా" అంది మా అమ్మతో. "దీని జుట్టు తక్కువేం కాదు. సన్నం. తలలో లక్ష వెంట్రుకలున్నా సన్నపుది సన్నమే. దీని మీద నువ్వు నూనె పోస్తుంటే పట్టుదారం మీద తారు పోసినట్టుంటుంది."

మా అమ్మ మొహం మాడ్చుకుంది. పిన్ని పట్టించుకోలేదు. నా చెయ్యి పట్టుకుని సెలూన్‌కు తీసుకెళ్ళింది. ఆదివారం మధ్యాహ్నం, షట్టరు సగం దించి ఉంది, నేల మీద ఎండ ఒక చాపంత పడి ఉంది. అప్పటి యజమానురాలు కుర్చీలో కునుకు తీస్తోంది. పిన్ని నన్ను వెనక్కి వాల్చి, మెడ కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టి, కళ్ళ మీద ఇంకో తువ్వాలు కప్పింది. ఆ తర్వాత నాకు తెలిసిందంతా చెవులతో, ముక్కుతోనే. గోరువెచ్చటి నీళ్ళు. ముందు ఒక మెత్తటి వాసన, జుట్టు చివర్లలో. నీళ్ళు. తర్వాత ఒక పుల్లటి వాసన, కుదుళ్ళలో, ఆమె వేళ్ళ కొసలు గుండ్రంగా తిరుగుతూ. మళ్ళీ నీళ్ళు, చాలాసేపు. వేళ్ళ మధ్య జుట్టు కీచుమనేదాకా.

కత్తెర కూడా ఆ రోజు ఆమే పట్టింది. మా అమ్మ పొరలు పొరలుగా కత్తిరించమని చెప్పి పంపింది, అలా చేస్తే ఒత్తుగా కనిపిస్తుందని ఎవరో చెప్పారట. పిన్ని వినలేదు. ఉన్నదే తక్కువ బరువు, దాన్ని మెట్లు మెట్లుగా చెక్కేస్తే చివర మిగిలేది దువ్వెన పళ్ళే అంది. భుజాల పైన ఒకే గీత. పల్చన చేసే పళ్ళకత్తెరను డ్రాయర్లోంచి తీయనే లేదు. నడుము దాకా ఉన్న జడ నేల మీద పడితే, యజమానురాలు నిద్ర లేచి చూసి, ఎలకలు పట్టారా అని అడిగింది. నేను కూడా నవ్వాను. నా జుట్టు మీద వేసిన జోకుకు నేను నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత జుట్టు నిలబెట్టే నురుగు డబ్బా నొక్కి కోడిగుడ్డంత నురుగు తీసి తడి కుదుళ్ళకు పట్టించింది. తల కిందికి వంచమంది. వేడిగాలి మెడ వెనకనుంచి తగులుతుంటే నా జుట్టు నా కళ్ళముందు ఎగిరింది. దాదాపు ఆరాక తల ఎత్తించి, గుండ్రటి బ్రష్‌తో కుదుళ్ళను పైకి లాగి, చివర చల్లగాలి కొట్టింది. వేడి లేపుతుంది, చల్లన నిలబెడుతుంది అంది. ఎప్పుడూ మధ్యలో ఉండే పాపిట ఎడమకు మార్చింది. అలవాటు పడిన పక్కకు జుట్టు పడుకుంటుంది, కొత్త పక్కకైతే కాస్త బెట్టు చేస్తుంది, ఆ బెట్టే మనకు కావాలి అంది. ఇక రోజు విడిచి రోజు తల కడగాలంది, కుదుళ్ళలో జిడ్డు చేరితే సన్నజుట్టు ఒక్కరోజులో పడిపోతుందని. నన్ను ఇంట్లో దింపి, నూనె సీసా మా అమ్మ చేతికి అందకుండా అటక మీద దాచింది.

అద్దంలో నన్ను నేను చూసుకుని గుర్తుపట్టలేదు. జుట్టు ఎక్కువైంది అనలేను. నా తలకూ గాలికీ మధ్య చోటు వచ్చింది, అంతే. మర్నాడు బడిలో పక్కబెంచి పిల్ల రెండు వేళ్ళతో నా తల పైన నొక్కి చూసింది, లోపల ఏదైనా పెట్టుకొచ్చానేమోనని.

మా అమ్మ రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు తనకూ అలాగే చేయించుకుంది.

అప్పట్నుంచి నా తల పిన్నిదే. వారం మధ్యలో నేనే కడుక్కున్నా, ఆదివారం మాత్రం ఆ బేసిన్, ఆ తువ్వాలు, మెత్తటి వాసన, పుల్లటి వాసన. పరీక్షల రోజుల్లో, ఉద్యోగం కోసం తిరిగిన రోజుల్లో, అమ్మ పోయిన నెలలో. కళ్ళు మూసుకుని పడుకుంటే చాలు, ఆ వరస మొదలయ్యేది.

నాలుగు నెలల కింద సెలూన్ చేతులు మారింది. మేనేజరమ్మ వచ్చింది, ఆమె వెనకే కంపెనీ మాస్టారు. గోడ మీద కాగితం అంటించారు: షాంపూ, కడుగు, కండిషనర్ కుదుళ్ళనుంచి చివర్లదాకా, మూడు నిమిషాలు, కడుగు. అందరికీ ఇదే. పిన్ని చదివి తల ఊపింది, తన పని తాను చేసుకుంది. ఒకరోజు ఒక లాయరమ్మ మొదటిసారి మా సెలూన్‌కు వచ్చింది. సన్నటి జుట్టు, కోర్టు నుంచి వచ్చేసరికి మాడుకు అతుక్కుపోతుందని ఏడాదిగా బాధపడే మనిషి. ఆమె ముక్కు చురుకు. బేసిన్ మీద తల వాల్చి ఉండగానే వాసన పట్టి, ముందు కండిషనర్ రాశారేంటి, మతిపోయిందా అని అడిగి, మేనేజరమ్మకు చెప్పి వెళ్ళింది.

మేనేజరమ్మ నా కుర్చీ దగ్గరికి వచ్చింది. ఆంటీ ఇలా ఎప్పుడూ చేస్తారా అని అడిగింది. నా చేతిలో డ్రయర్ తిరుగుతోంది, ఎదుట కస్టమర్ వాచీ చూసుకుంటోంది. నేను ఇలా అన్నాను:

"పెద్దదయింది కదా మేడమ్."

అంతే. మూడు మాటలు. మర్నాటి నుంచి పిన్ని మూల స్టూలు మీద తువ్వాళ్ళు మడతపెడుతోంది. బేసిన్ దగ్గర కొత్తపిల్ల గోడ కాగితం చూసి కడుగుతోంది. ఆ పిల్లను ఏమీ అనను, కాగితంలో ఉన్నదే చేస్తోంది.

నా తల కూడా ఆ పిల్లే కడిగింది, రెండో ఆదివారానికి జుట్టు పడిపోయింది. నురుగు అదే, గాలి అదే, కత్తిరింపు నేనే సరిచేసుకున్నాను. అయినా మధ్యాహ్నానికి ఎలకతోక తిరిగొచ్చింది. వయసులే అనుకున్నాను. వయసు మీద వేసేయడం ఎంత తేలికో నాకు అప్పటికే అలవాటైంది.

మొన్న లాయరమ్మ మళ్ళీ వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా నిలబడే మేనేజరమ్మతో చెప్పింది. మొదటిసారి కడిగించుకున్న తల మర్నాడు సాయంత్రం దాకా నిలబడింది, ఆ తర్వాత రెండుసార్లూ భోజనాల వేళకే పడిపోయింది అంది.

"ఆ పొరపాటు చేసినావిడ ఉన్నారా? ఆ పొరపాటే మళ్ళీ చేయమనండి."

సెలూన్ అంతా నవ్వింది. మేనేజరమ్మ నవ్వలేదు, కాగితంలో లేనిది చేయించలేనంది. నేను కత్తెర పక్కన పెట్టి మూలకు వెళ్ళాను. పిన్ని తువ్వాలు అంచులు కలుపుతోంది. ఎందుకలా ముందు కండిషనర్ రాస్తావని అడిగాను. పన్నెండేళ్ళు ఆలస్యంగా అడిగాను.

ఆమె చెప్పింది. లావుజుట్టు వాళ్ళకు ఆమె కూడా షాంపూ ముందే రాస్తుంది. వెంట్రుక వేళ్ళకు తగలకపోతేనే వరస తిప్పుతుంది. సన్నజుట్టు చివర్లకు మెత్తదనం కావాలి, కానీ ఆ జిగురు మిగిలితే బరువుకు కుంగిపోతుంది. అందుకని ముందు చివర్లకు కండిషనర్ పట్టించి, తర్వాత తేలిక షాంపూతో మిగులును పోగొడుతుంది. కుదుళ్ళకు కండిషనర్ తగలనివ్వదు. ముప్పయ్యేళ్ళ కింద నా తల మీదే నేర్చుకుందట, ఆ మొదటి ఆదివారం వరస తిప్పి కడిగి చూసి.

"నీ కళ్ళ మీద తువ్వాలు కప్పేదాన్ని కదే, అందుకే నీకు కనపడలేదు" అంది. తువ్వాలు మీద నుంచి తల ఎత్తకుండానే, "నేను మతి తప్పానని నువ్వే అన్నావటగా" అంది.

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

రేపు సోమవారం. పిన్నికి విశ్రాంతి ఇస్తామని, తువ్వాళ్ళ పని కూడా అక్కర్లేదని మేనేజరమ్మ రేపే చెబుతుందట. కాబట్టి ఇవాళే రాసి ఆమె బల్ల మీద పెడుతున్నాను. మేడమ్, ఆ గోడ కాగితం పీకేయండి. దాని చోట ఒకే మాట రాయండి: ముందు ఒక్క వెంట్రుక దొర్లించి చూడు. కంపెనీ మాస్టారిని మళ్ళీ పిలవండి, ఈసారి మార్కులు వేయడానికి కాదు, బేసిన్‌లో తల వాల్చి నేర్చుకోవడానికి. పిన్ని మతి తప్పలేదని, నేనే నోరు జారానని అందరి ఎదుటా నేను చెబుతాను, మీరు పక్కన నిలబడి వినండి. పొద్దున షట్టరు లేచేసరికి ఆ స్టూలు ఖాళీగా ఉండాలి, పిన్ని చేతులు తడిసి ఉండాలి. మొదటి తల నాది. తువ్వాలు కప్పవద్దు, ఈసారి చూస్తాను.