గుమ్మడికాయ కింద బాండు

ఆ సోమవారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: పొయ్యి దగ్గర అమ్మ విశ్వాసమ్మ, అరుగు మీద కందులు చెరుగుతూ జేజి జీవమ్మ, మంచం మీద నాయన గాబ్రియేలు, ఆయన పక్కన కాళ్లు ఊపుతూ అమ్మ తమ్ముడు జయపాల్, తలుపు వెనకాల స్తుతి. లెక్కలోకి వస్తుందంటే చేటలోకి ముక్కు పెడుతున్న నల్ల కోడిపెట్ట కూడా. తుఫాను అని బడికి సెలవిచ్చారు గానీ బనగానపల్లె చుట్టుపక్కల ఒక్క చినుకు పడలేదు.

స్తుతి పదో తరగతి. ఇంటికి ఎవరొచ్చినా, చివరికి సొంత మేనమామ వచ్చినా, తలుపు వెనకాలకు పోయి నిలబడే రకం.

జయపాల్ ఇన్సూరెన్సు ఏజెంటు. దోసె తుంచుకుంటూ తీరిగ్గా అన్నాడు.

"బావా, వచ్చే ఏడు శనక్కాయలు అమ్మంగానే అరవై వేలు పక్కన పెట్టుకో. ప్రీమియానికి."

"ఇంకా యాడి ప్రీమియమప్పా? కట్టేసినాం గదా?"

"ఏడాదికొకసారి బావా. పన్నెండేండ్లే."

"పన్నెండేండ్లా!" జేజి చేతిలో చేట ఆగిపోయింది. కోడి నాలుగు గింజలు ఎక్కువ తిన్నది.

"ఒక్కసారి కడితే చాలు, డబులవుతాదంటివి గదరా," అంది అమ్మ, పొయ్యి దగ్గర నుంచి.

"అంటి అక్కా. మొదటిసారి ఒక్కసారే గదా కట్టేది."

మామ మాట నమ్మి పాలసీకి కట్టిన ఆ మొదటి అరవై వేలు స్తుతివి. కర్నూలులో ఇంటర్ చదవడానికి, హాస్టలుకు, పుస్తకాలకు అని దాచినవి. ఏడాదికి అరవై వేలు కట్టే తాహతు ఈ ఇంటికి లేదు. కట్టకపోతే మొదటి అరవై వేలలో కూడా చాలావరకు పోతాయి. కర్నూలు కూడా పోతుంది.

పాలసీ బాండు వచ్చిన రోజు అమ్మ సంబరంగా దానితో వచ్చిన ఉత్తరాన్ని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టింది. స్తుతి చేతిలో ఉన్న అమ్మ ఫోనులో ఆ ఫోటో ఇంకా ఉంది. స్తుతి దాన్ని వేళ్లతో పెద్దది చేసింది. పెదవులు కదుపుతూ చదివింది. తలుపు వెనకాల నుంచే అంది.

"మామా, పాలసీ వద్దనుకుంటే ముప్పై రోజుల్లోపల వెనక్కి ఇచ్చేయొచ్చంట. ఫ్రీలుక్ అంట."

జయపాల్ చుట్టూ చూశాడు. "ఏంది అక్కా, మీ తలుపు మాట్లాడతాండాది?"

"ఈడ రాసిండారు మామా. ఊరికే రాసిస్తే దుడ్లు వాపసు ఇస్తారంట."

"అది ఎప్పుడో అయిపోయిందిలే పాపా. బాండు మీద తేదీ చూడు. నెల దాటి ఎన్ని దినాలాయనో."

"బాండు మీది తేదీ కాదంట. అది మన చేతికి వచ్చిన దినం నుంచి లెక్కంట."

చేతికి వచ్చిన దినం అందరికీ గుర్తుంది. చర్చిలో కోతపండుగకు ముందటి శనివారం. జేజి, అమ్మ కజ్జికాయలు చేస్తున్నారు, పిండి కలుపుతున్న నాయన ఆ చేత్తోనే పోస్టుమ్యాన్ దగ్గర సంతకం పెట్టాడు. అమ్మ వేళ్ల మీద లెక్క వేసింది. మళ్లీ వేసింది.

"ఈ దినమే ఆఖరు!"

జయపాల్ నవ్వు కాస్త పలచబడింది. "సరే. అసలు బాండు ఇయ్యాలి గదా వాళ్లకు. యాడుండాదో తీసుకురాండి."

పెట్టె తీశారు. బీరువా తీశారు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టారు. పరుపు తిరగేశారు. ఇల్లంతా తిరగబడింది గానీ జేజి మాత్రం కందుల నుంచి తల ఎత్తలేదు.

"అమ్మా," అన్నాడు నాయన నెమ్మదిగా, "నువ్వేమన్నా చూసినావా?"

"దేవుని ముందర పెడితే మంచిదని..." జేజి నసిగింది. "కోతపండుగకు గుమ్మడికాయ గంపలో పెట్టినా. కింద. గుమ్మడికాయ కింద."

కోతపండుగ నాడు దేవుని ముందు పెట్టినవన్నీ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఆ గంపను వేలంలో ఊళ్లోని ఏసన్న పాడుకున్నాడు. అతని మీద పోటీకి పోయి, గుమ్మడికాయ ధరను కొండెక్కించి, చివర్లో చేతులెత్తేసి పడీపడీ నవ్వింది ఎవరంటే నాయనే.

ముందుగా అమ్మకు నవ్వొచ్చింది. తర్వాత నాయనకు. స్తుతికి ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. నల్ల కోడిని చంకలో పెట్టుకుని జేజి అప్పటికే వీధిలో ఉంది.

ఏసన్న ఇంట్లో గంప దూలానికి వేలాడుతోంది. ఎర్ర రిబ్బను కట్టి, కాయను కదిలించకుండా కాపాడుతున్నాడు.

"దించేది లేదు పెద్దమ్మా. అది వచ్చినాకే మా బర్రె ఈనింది. ఆశీర్వాదం."

"కాయ నీకేరా. కింద కవరొకటి ఉండాది, అది ఇయ్యి. బదులు ఈ కోడిని తీసుకో."

ఏసన్న కోడిని అనుమానంగా చూశాడు. "దీనికి ప్రార్థన చేసినారా?"

జేజి అక్కడే కళ్లు మూసుకుంది. కోడి తల మీద చెయ్యి పెట్టి, దాని గుడ్ల కోసం, పిల్లల కోసం, ఏసన్న బర్రె కోసం గట్టిగా ప్రార్థించింది. సరిగ్గా ఆమెన్ దగ్గర కోడి కొక్కొక్కొ అంది. ఏసన్న నిచ్చెన తెచ్చాడు.

కవరు మీద గుండ్రంగా గుమ్మడికాయ మచ్చ. లోపల బాండు చెక్కుచెదరలేదు.

ఇక ఉత్తరం. స్తుతి జీవితంలో రాసినవన్నీ సెలవు చీటీలే. చెయ్యి దానంతటదే "జ్వరము కారణముగా" అని రాసేసింది. ఆ కాగితం చించి మళ్లీ మొదలుపెట్టింది. బ్రాంచి మేనేజరుగారికి అని రాసి, పాలసీ నంబరు, బాండు అందిన తేదీ, ఒక్కసారే కట్టాలని చెప్పారు గానీ ఏటా కట్టాలని ఇప్పుడే తెలిసిందనే కారణం, పాలసీ రద్దు చేసి ప్రీమియం నాయన బ్యాంకు ఖాతాలో వేయమనే మనవి, అన్నీ రాసింది. పాలసీ నాయన పేరు మీద ఉంది కాబట్టి నాయన సంతకం చేశాడు. ఆధారు, పాసుపుస్తకం జిరాక్సులు జత చేశారు. ఆఫీసు నంద్యాలలో. బస్సు అప్పుడే వెళ్లిపోయింది.

జేజి చెయ్యి చాపింది. "జయపాలూ, బండి తియ్యి."

"అత్తా! నా కమీషను వెనక్కి పోతాది అత్తా!"

"పోనీలే. ఆదివారం వచ్చేయి, కోడికూర చేసి పెడతా."

"కోడి ఏసన్న ఇంటికి పోయె గదా!"

"మరింకేం, కమీషనూ లేదు, కోడీ లేదు. బండి తియ్యి."

నంద్యాల దాకా ముగ్గురూ ఒకే బండి మీద. మధ్యలో ఇరుక్కున్న స్తుతి బాండును గుండెకు అదుముకుంది. ఎదురుగాలికి మామ గొణుగుడు, వెనక నాయన నవ్వు, రెండూ ఆమె చెవుల్లోనే కలిశాయి.

ఆఫీసులో నాగజ్యోతి అనే ఉద్యోగిని ఉత్తరం చదివి, కంప్యూటరులో పోస్టు డెలివరీ తేదీ చూసింది.

"మీరు రాసిన తేదీనే, ఆ శనివారమే అందింది. ఇవాళే ఆఖరు. గడువులోనే ఉన్నారు." తర్వాత, అలవాటుగా, "ఇంకా మంచి ప్లాను ఉంది, మార్చుకుంటారా?" అంది.

నాయన మామ వైపు చూశాడు. మామ ఫ్యాను వైపు చూశాడు. మాట్లాడింది స్తుతి.

"వద్దు మేడం. రద్దు చేయండి. నాకు కాలేజీ ఉండాది."

తన గొంతు అంత గట్టిగా వినిపించేసరికి స్తుతికే ఆశ్చర్యం వేసింది.

నాగజ్యోతి ఒరిజినల్ బాండు తీసుకుంది. ఉత్తరం జిరాక్సు మీద అందినట్టు ముద్ర వేసి ఇచ్చింది. వాళ్లు మెట్లు దిగారు. దిగీ దిగగానే స్తుతి వెనక్కి పరుగెత్తి అద్దం తలుపు తోసింది.

"మేడం, ముద్రలో తేదీ సరిగ్గా పడలా."

నాగజ్యోతి పెన్నుతో తేదీ రాసి సంతకం చేసింది. స్తుతి వెళ్లింది, మళ్లీ వచ్చింది.

"మొత్తం వస్తాయా మేడం?"

"స్టాంపు డ్యూటీ, ఇన్ని దినాలు బీమా ఉన్నందుకు కొంచెం పట్టుకుంటారు. వైద్య పరీక్షలు చేయలేదు కాబట్టి ఆ ఖర్చు లేదు. మిగతాదంతా వస్తుంది."

మళ్లీ వచ్చింది. "ఎప్పుడొస్తాయి మేడం?"

"వారంలో! అమ్మా తల్లీ, టైమైపోయింది, బ్యాంకుకు పోయి చూసుకో!"

మెట్ల కింద మామ గట్టిగా అరిచాడు. "రాయే పాపా! నీకు ఈ మాటలన్నీ యాడ నుంచి వచ్చినాయే?"

స్తుతికి ఇంకొకటి గుర్తొచ్చింది. "మేడం, రాకపోతే ఎవరిని..."

నాగజ్యోతి నవ్వాపుకుంటూ, స్తుతి చేతిలోని జిరాక్సు మీద, ముద్రలో ఉన్న ఆఫీసు ఫోను నంబరు వైపు వేలు చూపించి, ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది.