మూడో బోనులోని కుందేలు

నా బావమరిది నా పరువు తీశాడు. ఇందులో అటూ ఇటూ ఏమీ లేదు. వాడికి ఉద్యోగం ఇప్పించింది నేను. ఇప్పించమని అడిగింది నా భార్య, ఆసుపత్రి మంచం మీద నుంచి. ఆమె పోయింది. వాడు మిగిలాడు.

నేను పనిచేసేది పరిశోధన సంస్థలో. జంతువుల గది నా చేతి కింద ఉంటుంది. మేత, నీళ్లు, బోనులు కడగడం, సూది వేసేటప్పుడు కుందేలును కదలకుండా పట్టుకోవడం. నేను ఊరి బడితో చదువు ఆపినవాణ్ణి. అయినా అక్కడ నా మాటకు విలువ ఉండేది. ఉండేది అనే చెప్పాలి.

డాక్టరమ్మ దగ్గర ఒక అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. కుందేళ్ల మీద ఆమె పని. మూడు కుందేళ్లు ఒక ప్రోటీను మొహం ఎరగనివి. ఇంకో మూడింటికి అదే ప్రోటీను కొన్ని నెలల కిందట ఎక్కించి, తర్వాత వదిలేశారు. ఇప్పుడు ఆరింటికీ ముందోసారి రక్తం తీసి, కొన్ని రోజులకు ఒకే రోజు సూది వేసి, మళ్లీ చెవి నరం నుంచి రక్తం తీసి చూడాలి.

"ఎందుకమ్మా ఇదంతా?" అని మొదట్లోనే అడిగాను.

"మొదటిసారి ఒళ్లు తడుముకుంటుంది, పెద్దాయనా" అంది డాక్టరమ్మ. "దగ్గర దగ్గర వారం చప్పుడుండదు. తర్వాత ముందుగా ఐజీఎం అనే రకం యాంటీబాడీ వస్తుంది. దాని వెనక ఐజీజీ అనే ఇంకో రకం, కొంచెం. అదీ త్వరగానే తగ్గుతుంది. రెండోసారికి మాత్రం, ఆ ప్రోటీనును ఎరిగిన కణాలు కాచుకుని కూర్చుంటాయి. మూడు నాలుగు రోజుల్లోనే లేస్తాయి. ఎన్నో రెట్లు ఎక్కువగా, అదీ చాలావరకు ఐజీజీయే. త్వరగా తగ్గదు కూడా."

"అంటే ఒళ్లు పగ పట్టినట్టు."

"నీలాగే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సూదులు వేసిన ఐదో రోజు రక్తం తీశారు. మర్నాడు ఆ అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది. మొహంలో రక్తం లేదు. మొహం ఎరగని మూడింటిలో రెండు సరిగ్గానే ఉన్నాయి, ఇంకా ఏమీ లేదు. మూడో బోనులో దానికి మాత్రం ఐజీజీ ఆకాశానికి అంటింది. ఐజీఎం ఉందా లేదా అన్నట్టుంది.

"గొట్టాలు మార్చేశావు" అంది డాక్టరమ్మ.

"లేదు మేడమ్. ఒక్కొక్కటీ చూసి రాశాను."

అప్పుడు నేను నోరు తెరిచాను. ఎవరూ అడగలేదు.

"గొట్టం చేతిలో, ఫోను చెవిలో పెట్టుకుంటే ఇలాగే ఉంటుందమ్మాయ్. నేను చూశాను."

ఆమె వాళ్లమ్మతో ఒక్క నిమిషం మాట్లాడింది, నిజమే. వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదు. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"మరి జంతువులు మారాయేమో, పెద్దాయనా?" అంది ఆమె మెల్లగా.

"నా గదిలోనా? బోనులు చూసేది నా బావమరిది. వాడి చేతిలో పెట్టిన జంతువు మారిందంటే నేను రేపటి నుంచి ఇక్కడ కనబడను. ముందు నీ చేతులు చూసుకో."

వాడు పక్కనే చీపురు పట్టుకుని నిలబడ్డాడు. తల దించుకున్నాడు. వినయం అనుకున్నాను.

డాక్టరమ్మ నా మాట నమ్మింది. ఆ అమ్మాయి పని ఆపించింది. అబద్ధపు ఫలితాలు చూపిందని తేలితే సీటు పోతుందని అందరి ముందే చెప్పింది. ఆ అమ్మాయి ఏడవలేదు. ఒక్కటే అడిగింది: "అదే కుందేలుకు మీ అందరి ముందు మళ్లీ రక్తం తీస్తాను. తర్వాత, ఇక్కడ ఏ జంతువుకూ ఎప్పుడూ వెయ్యని ఇంకో ప్రోటీను వేస్తాను. అక్కడా ఇలాగే లెక్క తప్పితే నేనే వెళ్లిపోతాను."

రక్తం తీశారు. కుందేలును పట్టుకుంది నేనే. గొట్టం మీద డాక్టరమ్మే రాసింది. మళ్లీ ఐజీజీ అంతే ఉంది. గొట్టాలు మారలేదు.

"గట్టి జంతువు అయ్యుంటుంది" అన్నాను. "కొన్ని పుట్టుకతోనే చురుకు."

కొత్త ప్రోటీను వేశారు. ఐదో రోజు రక్తంలో ఏమీ లేదు. ఆ తర్వాత ఐజీఎం లేచింది, దాని వెనక నీరసంగా ఐజీజీ. అన్ని కుందేళ్లలాగే తడుముకుంది.

డాక్టరమ్మ రెండు ప్రోటీన్ల గీతలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఇది చురుకైన జంతువు కాదు. మొదటి ప్రోటీనును ఇది ముందే ఎరుగును. కొత్తదాన్ని ఎరగదు." పాత కాగితం తీసింది. "పాత మూడింటికీ ఈసారి సూదికి ముందు తీసిన రక్తంలో కొంచెమైనా ఐజీజీ మిగిలి ఉంది. మూడో బోనుదానికి సున్నా. అంటే సూదికి ముందు మనం రక్తం తీసిన కుందేలు ఇది కాదు."

ఎవరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

వాణ్ణి మేత గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను.

"ఏం చేశావురా?"

"ఏం లేదు బావా."

"ఏం చేశావు?"

"సూదులకు ముందు ఆదివారం సినిమాకెళ్లాను. మూడో బోను సీసాలో నీళ్లు నింపడం మర్చిపోయాను. అసలే ఎండలు. మర్నాడు వచ్చేసరికి కుందేలు పోయి ఉంది." గోడకు చెప్పినట్టు చెప్పాడు. "పోయిన ఏడాది ఇదే సూదికి వాడినవి వెనక గదిలో ఉన్నాయి కదా. ఎలాగూ చంపేసేవే. ఒకదాన్ని తెచ్చి పెట్టాను. చెవిలో అంకె ఇంకుతోనేగా రాస్తాం. నేనే రాశాను. అన్నీ తెల్లగానే ఉంటాయి కదా బావా."

"ఆ పిల్ల సీటు పోతుంటే పక్కనే నిలబడ్డావు."

"నువ్వే అంత గట్టిగా అంటుంటే నేనేం చెప్పను? నీ పరువు పోతుందని ఊరుకున్నాను."

నా పరువు కోసమట. చెయ్యి లేచింది. దించుకున్నాను. ఆ మొహంలో ముక్కు నా భార్యది.

డాక్టరమ్మ గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. వాణ్ణి ఆ పూటే పంపేశారు. నేనూ వెళ్తానన్నాను. మాట అన్నాను కదా.

"నువ్వు వెళ్తే కుందేళ్లకు నీళ్లెవరు పెడతారు?" అంది ఆమె. ఎగతాళో కాదో తెలియలేదు. కొత్త కుందేళ్లతో ఆ పని మళ్లీ మొదటి నుంచి చేయమని ఆ అమ్మాయికి చెప్పింది. నెలల పని పోయింది.

ఆ అమ్మాయి నడవలో ఎదురైంది. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఈ వయసులో, ఆ పిల్ల ముందు.

"అమ్మాయ్, ఆ ఫోను మాట..."

"అమ్మకి తగ్గింది, పెద్దాయనా" అంది. "రేపు కొత్తవాటికి రక్తం తీయాలి. మీరు పట్టుకోవాలి." వెళ్లిపోయింది.

తిట్టి ఉంటే భోజనం సహించేది. మర్నాడు కుందేలును పట్టుకున్నాను. ఆమె చెవి నరం వెతుకుతుంటే నేను గోడ వైపు చూశాను. ఇప్పటికీ అటే చూస్తాను.

వారం తర్వాత వాడు ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే ఆపాను.

"బావా, ఒక్కసారి వాళ్లతో మాట్లాడు. అక్క ఉంటే ఇలా..."

"అక్క పేరు ఎత్తకు."

"తప్పయిపోయింది. ఎన్నాళ్లు పెట్టుకుంటావు మనసులో?"

తలుపు వేసేశాను. చాలాసేపు బయటే నిలబడ్డట్టున్నాడు. తర్వాత చెప్పుల చప్పుడు మెట్లు దిగింది.

బంధువులు అడుగుతున్నారు, మీ ఇద్దరికీ ఏమైందని. అడిగినవాళ్లకు మంచినీళ్లిచ్చి పంపుతున్నాను. వాడి సంగతి గానీ, ఆ పిల్లను నేనన్న మాట గానీ ఇక నా నోట రాదు. ఇంకెవరూ అడగొద్దు.