గోరింటాకు పెట్టుకున్న వేళ్ళు

"ముందు ఇటు చూడండత్తా. తొమ్మిది వేల అయిదు వందలని ఉందా? అంకె చూడకుండా ఎక్కడా వేలు పెట్టకండి, నా దగ్గరైనా సరే."

పామర్రు పక్క ఊళ్ళో బ్యాంకు తరఫున వేలిముద్రతో డబ్బులిచ్చే శాంభవి ఆ మాట రోజుకి పాతికసార్లంటుంది. కనకలక్ష్మి తెరమీద అంకె రెండుసార్లు చదివి, కుడి బొటనవేలు చిన్న మిషను అద్దంమీద ఆనించింది. లైటు వెలిగింది, ఆరింది.

"కలవలేదంటోంది."

"అయ్యో! డబ్బులు పోయాయా?"

"ముద్రే కలవనప్పుడు ఎలా పోతాయత్తా? చూడండి, చీటీలోనూ అదే వచ్చింది. ఒకవేళ చేతికి రాకుండా ఖాతాలో కట్ అయిందనుకోండి, చీటీమీద నెంబరు చూపించి బ్యాంకులో ఫిర్యాదు చెయ్యాలి. మామూలుగా అయిదు రోజుల్లో వెనక్కి పడతాయి."

అయిదు రోజులు! రేపు సాయంత్రంలోగా విజయవాడ హాస్టల్లో డబ్బు కట్టకపోతే కూతురు అక్షయకని ఉంచిన మంచం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. నగదే కావాలన్నారు. ఇవాళ రెండో శనివారం, రేపు ఆదివారం, బ్యాంకు తియ్యరు. ఏటీఎం కార్డు తీసుకోమంటే, ఎవడో నెంబరడిగి దోచేస్తాడని కనకలక్ష్మే వద్దంది.

చూపుడు వేలు పెట్టింది. కలవలేదు.

"ఆషాఢం కదమ్మా," అన్నాడు వెనక నిలబడ్డ శౌరయ్య. "పది వేళ్ళకీ టోపీలు పెట్టుకొస్తే మిషను మాత్రం ఏం గుర్తుపడుద్ది? సిగ్గుపడి తల తిప్పేసుకుంటోంది!"

"మీరాగండి బాబాయ్," అంది శాంభవి నవ్వుతూ. "ఈ నెలంతా ఇదే గొడవత్తా. గోరింటాకు పండిన వేళ్ళని ఒక్కోసారి ఇది చదవలేదు. తడి తుడుచుకుని ఇంకొక్కసారి చూద్దాం. వరసగా తప్పితే కొన్ని బ్యాంకులు ఆ రోజుకి ఆపేస్తాయి. పండని వేలు ఒక్కటైనా లేదా?"

ఉంది. ఎడమ బొటనవేలు. రాత్రి అక్షయ గోరింటాకు పెట్టాక, గ్యాసు కట్టేశానో లేదోనని లేచి తడుముకుంటూ వెళ్తే, ఆ వేలి ముద్ద కాస్తా గోడకి అంటుకుపోయింది. ఆ వేలినే కనకలక్ష్మి ఇందాకటినుంచి గుప్పిట్లో దాచుకుని ఉంది. ఎందుకు దాచిందో తనకే తెలియదు. కాదు, తెలుసు. డబ్బు రాకపోతే పిల్ల వెళ్ళదు. బస్సులో ఏమవుతుందో, హాస్టల్లో అన్నం ఎలా ఉంటుందో, జ్వరమొస్తే నుదురు పట్టి చూసేదెవరో అన్న బెంగే ఉండదు. మిషను పని చెయ్యలేదమ్మా అంటే చాలు, ఎవరిదీ తప్పు కాదు.

ముప్పై ఏళ్ళ కిందట అమ్మ వెంట పామర్రు బ్యాంకుకి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు ఇత్తడి బిళ్ళ చేతికిచ్చి కూర్చోబెట్టేవారు. ఆ బిళ్ళ చల్లదనం, ఫ్యాను గరగర, లెడ్జర్ల పాత వాసన. పిలుపు రాగానే గుమస్తా అమ్మ బొటనవేలు పట్టుకుని సిరా మెత్తమీద ఒత్తి, కాగితంమీద పక్కలకి దొర్లించాడు. అమ్మ ఆ నల్లటి వేలు జుట్టుకి రాసుకుని, "ఇంక మా పిల్ల ఇంటరు చదువుద్దండీ" అని అక్కడున్న వాళ్ళందరికీ చెప్పింది. పాలమ్మి దాచిన డబ్బు. తీరా విజయవాడ బస్సెక్కే రోజున కనకలక్ష్మే భయపడి వెళ్ళనంది. అమ్మ తిట్టలేదు. వారం తర్వాత బ్యాంకుకి వెళ్ళి ఆ డబ్బు మళ్ళీ వేసేసి వచ్చింది. ఆ రోజు మాత్రం దారి పొడుగునా ఎవరితోనూ మాట్లాడలేదు.

"అత్తా, ఏమంటారు? పోనీ సోమవారం వస్తారా?"

కనకలక్ష్మి గుప్పిట విప్పింది. "ఇదుగోనమ్మా, ఇది పండలేదు."

శాంభవి మళ్ళీ ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు, అంకె నొక్కి చూపించింది. కనకలక్ష్మి చదివి, ఎడమ బొటనవేలు ఆనించింది. కీచుమంటూ చీటీ బయటికొచ్చింది. ఫోనులో మెసేజీ కూడా మోగింది.

"ఇక్కడే లెక్కపెట్టుకోండి. ఒక విడతకి పదివేలు దాటి ఇవ్వదు, మీది లోపలే కాబట్టి ఒకేసారి వచ్చేసింది. చీటీమీద అంకె, మెసేజీలో అంకె ఒకటేనా చూసుకోండి. నా చేతికి ఏమీ ఇవ్వక్కర్లేదు. ఓటీపీ చెప్పమని ఎవరు ఫోను చేసినా పెట్టెయ్యండి."

కనకలక్ష్మి రెండుసార్లు లెక్కపెట్టింది. శౌరయ్య "మూడోసారి కూడా అంతేనమ్మా, పిల్లలు పెట్టవు" అన్నా వినకుండా మూడోసారీ లెక్కపెట్టి, చీటీని నోట్ల మధ్య పెట్టి రుమాల్లో చుట్టింది.

అరుగు దిగుతూ అక్షయకి ఫోను చేసింది.

"వచ్చాయే. పెట్టె సర్దుకో. దుప్పటి రెండు పెట్టుకో, జ్వరం మాత్రలు పెట్టుకో, అమృతాంజనం..."

"అమ్మా, నేను వెళ్ళేది నర్సింగుకే!"

"అయితే మాత్రం?" అని, రుమాలు మూట బొడ్లో దోపుకుని, "బస్సు ఎన్నింటికి?" అనడిగింది.