కార్తీక బహుళ తదియ

అప్పటిదాకా సుస్మిత పని ఎక్కడా తప్పుపట్టడానికి లేదు. బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసే మనిషి, కాగితం దగ్గర పొరపాటు చేస్తుందా? మామగారు వెంకటసుబ్బారావు గారి రెండో ఏటి తద్దినానికి నెల ముందే ఫోన్లో యాప్ తెరిచి పంతులు గారిని బుక్ చేసింది. మరణ ధ్రువపత్రం చూసి మరీ తేదీ కొట్టింది. నవంబరు ముప్పై.

అత్తగారు రావమ్మ ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి, "తిథి ఎవరినైనా అడిగారా అమ్మాయ్?" అంది.

"అంతా ప్యాకేజీలో ఉంటుంది అత్తయ్యా, మీరు టెన్షన్ పడకండి" అంది సుస్మిత. ప్రేమగానే అంది పాపం. కానీ ఆ మాటతో పెద్దావిడ నోరు కట్టేసినట్టయింది. చదువుకున్నవాళ్ళు, ఏదో లెక్క చూసే ఉంటారులే అనుకుని ఆవిడ ఇంక నోరెత్తలేదు.

నవంబరు ఆరు, గురువారం. సుస్మిత ఆఫీసు నుంచి త్వరగా వచ్చి కాఫీ కలుపుతుంటే యాప్ తాలూకు పంతులు గారు వివరాల కోసం ఫోన్ చేశారు. గోత్రం చెప్పింది. కర్త పేరు చెప్పింది, చక్రి, అంటే ఆమె భర్త. తరువాత ఆయన, "పోయిన రోజు తిథి ఏమిటమ్మా?" అన్నారు.

"ముప్పయ్యో తారీఖు ఇచ్చాం కదండీ."

"తారీఖు కాదమ్మా. తద్దినం తిథికి పెట్టాలి. ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి? తిథి ఏటా ఇంగ్లీషు తేదీలతో కలవదు కదా."

సుస్మిత కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది. పోయినేడు ఈ తలనొప్పే లేదు. ఊళ్ళో శాస్త్రిగారే వారం ముందు ఫోన్ చేసి, "ఒరే చక్రీ, ఫలానా రోజు మీ నాన్న తిథి, వచ్చెయ్యండి" అని చెప్పారు. నాలుగూళ్ళ వాళ్ళ తిథులన్నీ ఆయన పుస్తకంలో ఉండేవి. ఆయన ఈ వేసవిలో పోయారు. ఫోన్ రాలేదని ఈ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

"అత్తయ్యా, మామయ్యగారి తిథి ఏమిటి?" అని కేకేసింది.

లోపల్నుంచి జవాబు వెంటనే వచ్చింది. "కార్తీక బహుళ తదియ. రేపే."

రేపే! ఫోన్లో పంతులు గారు తనకు రేపు గుంటూరులో కార్యక్రమం ఉందని, యాప్‌లో ఇంకెవరూ ఖాళీ లేరని చెప్పి పెట్టేశారు. సుస్మిత అత్తగారి గదిలోకి పరుగెత్తింది. అక్కడ తలుపు వెనక గుడ్డసంచి ఒకటి కనిపించింది. అందులో బియ్యం, కందిపప్పు, అరటికాయలు, కంద ముక్క, నెయ్యి సీసా, మడతపెట్టిన కొత్త పంచెల చాపు. రావమ్మ పొద్దున్నే పటమట రైతు బజారుకి ఒక్కతే వెళ్ళి తెచ్చింది.

"ఇదేంటత్తయ్యా?"

"రేపు నది దగ్గరికి ఆటోలో వెళ్ళి, ఎవరో ఒక బ్రాహ్మడికి స్వయంపాకం ఇచ్చొద్దామనుకున్నా. మీరెటూ ముప్పయ్యిన ఘనంగా చేస్తారు. ఆయన తిథినాడు ఆయన పేరున ఓ గుప్పెడు బియ్యమైనా పడకపోతే నాకు మనసొప్పదు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "నిన్ను తప్పుపట్టటంలా. నువ్వు బోలెడు పనుల్లో ఉన్నావు."

తిట్టినా బాగుండేది. సుస్మితకు ఏడుపు తన్నుకొచ్చింది, ఏడ్చే టైము మాత్రం లేదు. పంతులు దొరకాలి, అదీ రేపటికి, అదీ కార్తీకమాసంలో!

వీధి చివర గుడికి వెళ్ళింది. "మేం ఆలయంలో అర్చకులం తల్లీ, పితృకార్యాలకు రాం" అన్నారు. తమ గృహప్రవేశం చేయించినాయనకు ఫోన్ చేసింది. "నేను శుభకార్యాలే చేస్తానమ్మా. అవి చేసేవాళ్ళు వేరే ఉంటారు" అన్నాడాయన. పాపం, రేపు తనకు మూడు సత్యనారాయణ వ్రతాలున్నాయని కూడా చెప్పాడు. పంతులంటే అందరూ ఒకటేననుకున్న సుస్మితకు ఒక్క సాయంత్రంలో బోలెడు చదువు అబ్బింది.

చివరికి దారిలో విస్తరాకుల దుకాణం నిసార్ అహ్మద్ గారు పలకరించారు. ఆయన ముప్పై ఏళ్ళుగా అరటాకులు, విస్తళ్ళు అమ్ముతున్నారు. "ఏంటమ్మా, మొహం అలా ఉంది?"

ఆమె చెప్పింది. ఆయన గల్లాపెట్టె పక్కనున్న చిన్న పుస్తకం తీశారు.

"తద్దినాలకు విస్తళ్ళు పట్టుకెళ్ళే పంతులు గారు ఒకాయనున్నారు. లక్ష్మీపతి అవధాని గారు, గుణదల వైపు. మంచి మనిషి. ఫోన్లోనే అన్నీ అడిగెయ్యండి. సామాను ఎవరు తేవాలి, ఎన్నింటికొస్తారు, సంభావన ఎంత. తర్వాత ఇంట్లో బేరం పెట్టుకుంటే వాళ్ళకీ బాధ, మీకూ బాధ."

అవధాని గారు రెండో రింగుకే ఎత్తారు. "రేపు ఉదయం ఇంకో ఇంట్లో ఉందమ్మా. మీ ఇంటికి మధ్యాహ్నం పన్నెండు దాటాక వస్తాను. తద్దినానికి అదే సమయం కూడా. కర్త అప్పటిదాకా ఏమీ తినకూడదు. దర్భలు, నువ్వులు నేను తెస్తాను. మీ ఇంట్లో భోక్తల్ని కూర్చోపెట్టి భోజనం వడ్డించే ఆచారమా, స్వయంపాకం ఇచ్చే ఆచారమా?"

"తెలీదండీ. తిథి కూడా మా అత్తయ్యే చెప్పారు" అంది సుస్మిత.

"మీ అత్తగారున్నారా? ఆవిణ్ణి అడుగు. మూడు తరాల పేర్లు కూడా ఆవిడ చెప్తారు, రాసిపెట్టుకో. ఇంటింటికీ ఆచారం వేరు, నేను మార్చకూడదు."

"మరి మీకు ఎంత ఇవ్వాలండీ?" మొహమాటపడుతూనే అడిగింది.

"మూడు వేలు, ఆటో ఖర్చుతో సహా. వస్త్రం, స్వయంపాకం మీ శక్తికొద్దీ. పంచెలు పెట్టలేకపోతే తువ్వాలు చాలు. అడిగావు, మంచిదే. అడగనివాళ్ళే తర్వాత నొచ్చుకుంటారు."

ఇంటికొచ్చి సుస్మిత అత్తగారి ఎదురుగా నేలమీద కాగితం పెట్టుకుని కూర్చుంది. రావమ్మ గడగడా చెప్పుకుపోయింది. మామగారి తండ్రి, తాత పేర్లు, ఏ కూరలు పనికొస్తాయి, ఏవి పనికిరావు. "మనింట్లో స్వయంపాకమే ఇస్తాం. ఉల్లి, వెల్లుల్లి, మునక్కాడ వద్దు. కాకరకాయ పెట్టొచ్చు, ఆయనకిష్టం." ఈ ఏడాదిలో ఈ ఇంట్లో ఆవిడ ఇంతసేపు మాట్లాడింది లేదు. సుస్మితకు సిగ్గేసింది.

మర్నాడు చక్రి గన్నవరం ఆఫీసుకు సెలవు పెట్టాడు. అవధాని గారు పన్నెండున్నరకు వచ్చి, కంగారు లేకుండా, ఒక్కో మాటా అర్థం చెబుతూ చేయించారు. చక్రికి ముత్తాత పేరు గుర్తురాలేదు. వెనకనుంచి తల్లి అందించింది. చివర్లో సుస్మిత ముప్పయ్యో తారీఖు కోసమని కొన్న కొత్త పళ్ళెం వాడకుండా పక్కన పెట్టేసి, అత్తగారి గుడ్డసంచిలోవే అరటాకులో పేర్చింది. పైన కాకరకాయలు పెట్టింది. పంచెల చాపు, తాంబూలం, కవరులో దక్షిణ చక్రి చేతుల మీదుగా ఇప్పించింది.

"ఈ స్వయంపాకం ఎవరు సర్దారమ్మా? ఒక్క పనికిరానిది లేదు" అన్నారు అవధాని గారు.

"మా అత్తయ్యండీ."

ఆయన వెళ్ళాక, భోజనాలయ్యాక, సుస్మిత కొత్త పంచాంగం తెచ్చి కార్తీక బహుళ తదియ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. వచ్చే ఏడు పొరపాటు జరగనివ్వదు. రావమ్మ చూసి నవ్వింది.

"మీ మామయ్యది నేనున్నా కాబట్టి చెప్పా. నాది మాత్రం నేను చెప్పలేనే అమ్మాయ్. అది నువ్వే రాసిపెట్టుకోవాలి."

సుస్మిత పెన్ను పక్కన పెట్టింది. పంచాంగం మూసేసి, అత్తగారి పక్కన వెళ్ళి కూర్చుని, "మిమ్మల్ని ఇంకా ఏమేం అడగాలో చెప్పండి అత్తయ్యా" అంది.