ఆరని నూనె కూజా

నోయల్‌కి భార్య మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. కారు మీద ఉన్నంత లేదు, అంతే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ బండిని ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేముందు చంటిపిల్లాడిలా తుడిచేవాడు. భార్య స్తుతికి తాళాలిస్తూ ఒకే ఒక షరతు పెట్టాడు: బండికి ఏమైనా అయితే ఇక జన్మలో స్టీరింగ్ ముట్టుకోకూడదు.

ఆమె ఒప్పుకుంది. నోయిడాలో కొత్త ఆసుపత్రి, ఐసీయూలో ఇంచార్జి సిస్టర్ ఉద్యోగం. మెట్రో ఇంకా అక్కడిదాకా పోలేదు. ఢిల్లీకి ఈ చివరనున్న ద్వారక నుంచి బస్సులు మారుతూ ఉదయం డ్యూటీకి చేరడం అయ్యే పని కాదు. కారుంటేనే ఆ ఉద్యోగం.

తీరా చేరాల్సిన రోజునే ధౌలాకువా దాటగానే స్పీడోమీటరు పక్కన ఎర్ర దీపం వెలిగింది. చుక్క కారుతున్న నూనె కూజా బొమ్మ. స్తుతి బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపేసి, ఆర్.కె. పురం ఆఫీసులో ఉన్న మొగుడికి ఫోన్ చేసింది.

"నీ మాటలతో నాకేం తెలుస్తుంది? ఫోటో పంపు" అన్నాడు.

ఫోటోలో దీపం పడాలంటే తాళం తిప్పాలి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, సెల్‌ఫోన్‌తో తీసి పంపింది. అందులో ఒక్క కూజా కాదు, బొమ్మలన్నీ వెలుగుతున్నాయి. నోయల్ వెంటనే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టినట్టున్నాడు, వెనక ఎవరో నవ్వుతున్నారు.

"సదాశివరావుగారూ, చూడండి మా ఆవిడ తెలివి. బండి మొత్తం పాడైపోయిందనుకుంటోంది. అమ్మా సిస్టరూ, తాళం తిప్పితే అన్నీ వెలుగుతాయి. బల్బులు బాగున్నాయో లేదో బండి చూసుకుంటుంది. స్టార్ట్ చేస్తే అవే ఆరిపోతాయి. సరే, విను. బ్యాటరీ బొమ్మ ఎర్రది, నడుస్తుండగా వెలిగితే ఛార్జింగ్ లేదని. గుండ్రంలో ఆశ్చర్యార్థకం హ్యాండ్‌బ్రేక్, అది దించితే పోతుంది. దించినా పోకపోతే ఆగాల్సిందే. పసుపురంగు ఇంజిన్ బొమ్మకి కంగారక్కర్లేదు, తాపీగా గ్యారేజీలో చూపిస్తే చాలు. పానా బొమ్మ సర్వీసు టైమైందని. అచ్ఛా, ఇప్పుడు స్టార్ట్ చెయ్."

అంతవరకూ చెప్పిందంతా నిజమే, పాపం.

స్తుతి స్టార్ట్ చేసింది. బ్యాటరీ ఆరింది, ఇంజిన్ బొమ్మ ఆరింది. హ్యాండ్‌బ్రేక్ దించితే అదీ ఆరింది. పోయిన వారం నుంచీ వెలుగుతున్న పానా మిగిలింది. కూజా కూడా మిగిలింది.

"కూజా ఆరలేదండీ."

"పానా కూడా ఆరలేదు కదా? రెండూ ఒకటే మాట చెబుతున్నాయి, ఆయిల్ మార్చమని. శనివారం మారుద్దాం. నడుపు."

"ఎర్రది కదండీ. ఆయిల్ ప్రెషర్ లేకపోతే వెలుగుతుందని, వెంటనే ఆపేయాలని డ్రైవింగ్ స్కూల్లో చెప్పారు. మా పేషెంటుకి బీపీ పడిపోయినట్టే."

"అది ఐసీయూ కాదు తల్లీ, కారు. నాకు చెబుతున్నావా?"

మళ్ళీ నవ్వులు. స్తుతికి ఒళ్ళు మండింది. ఆగిపోతే మొదటి రోజే డ్యూటీకి ఎగనామం. పైగా కారు నడపడం రాదన్న పేరు ఖాయం. నడిపింది.

ఆశ్రమ్ చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్‌లో టకటక మొదలైంది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇనుము విరిగినట్టు చప్పుడు చేసి బండి బిగుసుకుపోయింది. వెనక హారన్ల మోత. క్రేన్ వచ్చి గ్యారేజీకి లాక్కెళ్ళేసరికి ఆసుపత్రిలో డ్యూటీ సగం అయిపోయింది. ఆయిల్ మొత్తం కింద కారిపోయిందనీ, ఇంజిన్ ఇక పనికిరాదనీ అక్కడ చెప్పారు. ఆఫీసు నుంచి వచ్చిన నోయల్, స్తుతి ఏదో చెప్పబోయేలోపే ఆమె చేతిలోంచి తాళాలు లాక్కున్నాడు. నోయిడా ఉద్యోగం మరొకరికి పోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక టీ తాగుతూ నోయల్ సెల్‌ఫోన్ తీశాడు. ఆ ఫోటోనే అందరికీ తిప్పాడు. పాస్టరుగారి భార్య సరళకుమారి కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఇదిగో ఆంటీ, ఈ ఎర్ర కూజా. ఇది వెలిగితే ఆయిల్ ప్రెషర్ లేదని. వెంటనే ఇంజిన్ ఆపేయాలి. మనిషికి బీపీ పడిపోయినట్టనుకోండి. పానా వేరే, అది ఊరికే గుర్తుచేయడానికి. రెండూ ఒకటే అనుకుంది మా ఆవిడ. ఆపమని మొత్తుకున్నా వినలేదు."

స్తుతి చేతిలోని కప్పు బల్ల మీద పెట్టింది.

"నేనే ఆపానాంటీ. నడపమన్నది ఈయన."

సరళకుమారి ఆమె వీపు నిమిరింది. "పోనీలేమ్మా, తప్పు అందరూ చేస్తారు. ఇంత ఓపిగ్గా చెప్పే మొగుడి మీదికి తోయకూడదు."

నోయల్ పెద్దమనసుతో నవ్వి, ఫోన్ భార్య చేతికిచ్చాడు. "నువ్వే చూపించు, ఏది ఆరలేదో."

స్తుతి చూసింది. అందులో అన్నీ వెలుగుతూనే ఉన్నాయి.